ముందు వివరాలు, ఆ తర్వాతే శుభలేఖ

'పెళ్లికార్డుకు మంచి మ్యాటర్ ఒకటి రాసివ్వండి' అని అడిగి ఊరుకునేవాళ్లు చాలామంది. ఎవరి పెళ్లి, ఏ పద్ధతిలో, కార్డు ఎవరి తరఫున అన్నది చెప్పరు. రాసేవాళ్లు అలవాటు కొద్దీ 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు'తో మొదలుపెట్టేస్తారు. తీరా అది చర్చిలో జరిగే పెళ్లి అయితే పై వరుస మొత్తం తీసేయాల్సిందే. అక్కడ కావలసింది బైబిలు వాక్యం, ఆరాధన సమయం, పెళ్లి జరిపించే పాస్టరుగారి పేరు. రిజిస్టరు పెళ్లికైతే ముహూర్తం మాటే ఉండదు, విందు వేళ చెబితే చాలు.

ఆహ్వానించేది ఎవరన్నది ఇంతకన్నా సున్నితమైన సంగతి. ఆడపెళ్లివారి కార్డులో 'మా ద్వితీయ పుత్రిక చి.ల.సౌ.' అని ముందు వధువు పేరు వస్తుంది. మగపెళ్లివారు అదే మ్యాటరు వాడుకుంటే వరుసలన్నీ తారుమారు. వధువు తండ్రి లేరనుకుందాం. కొందరు తల్లి పేరుతో పిలుస్తూ పక్కన భర్త పేరుకు కీ.శే. చేరుస్తారు. శుభకార్యంలో ఆ రెండక్షరాలు కనబడకూడదని పట్టుబట్టే ఇళ్లూ ఉన్నాయి. వాళ్లు బాబాయి పేరుతో 'మా అన్నగారి కుమార్తె' అని వేయిస్తారు. రెండూ సబబే. ఏది కావాలో ఆ ఇంటివాళ్లే చెప్పాలి తప్ప, బయటివాళ్లు ఊహించి రాయడం నాకైతే తప్పనిపిస్తుంది.

ఇక ముహూర్తం. పురోహితుడు 'శుక్రవారం రాత్రి 2.35' అని రాసిస్తాడు. పంచాంగం లెక్కలో వారం సూర్యోదయంతో మారుతుంది, గడియారం లెక్కలో తేదీ అర్ధరాత్రే మారిపోతుంది. శుక్రవారం 6వ తేదీ అనుకుంటే, ఆ ముహూర్తం వేళకి 7వ తేదీ వచ్చేసి ఉంటుంది. ఇది గమనించక '7వ తేదీ శనివారం రాత్రి 2.35' అని అచ్చేస్తే, చుట్టాలు శనివారం రాత్రికి దిగుతారు, అప్పటికి అప్పగింతలు కూడా అయిపోయి ఉంటాయి. అందుకే పాతవాళ్లు '6వ తేదీ శుక్రవారం రాత్రి 2.35 గంటలకు (తెల్లవారితే శనివారం)' అని విడమరిచి రాయిస్తారు.

వివరాలు అందేదాకా ఆగే వీల్లేకపోతే, ఖాళీలు వదిలిన సాదా మ్యాటరు ఇవ్వడం మేలు: '....., ..... దంపతుల కుమార్తె ..... వివాహం ..... తో ..... తేదీన ..... గంటలకు ..... లో జరుగుతుంది. మీరు సకుటుంబంగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన.' భాష గ్రాంథికంగా ఉండాలా, వాడుకలోనా, ఆఫీసువాళ్లకు ఇంగ్లిషు కార్డు వేరుగా వేయించాలా అన్నవి తర్వాత తేల్చుకోవచ్చు.

ప్రూఫు చేతికి వచ్చాక మాత్రం ఫోనులో పైపైన చూసి ఓకే అనకండి. లగ్నపత్రిక పక్కన పెట్టుకుని, రెండు ఇళ్లలోనూ ఒక్కో పెద్దమనిషి చేత పేర్లు, తేదీ, వారం పైకి చదివించండి.