ట్యూబ్‌లైటు ఎందుకు తటపటాయిస్తుంది?

ఎల్‌ఈడీలు రాకముందు సాయంత్రం స్విచ్ వేస్తే ట్యూబ్‌లైటు వెంటనే వెలిగేది కాదు. కొసలు రెండూ ఎర్రబడేవి. ఓసారి తళుక్కుమని ఆరిపోయేది, మళ్లీ తళుక్కుమనేది. మూడోసారికో నాలుగోసారికో నిలబడేది. ఏదైనా ఆలస్యంగా బుర్రకెక్కేవాణ్ణి మనం ట్యూబ్‌లైట్ అనడం అందుకే. ఆ తటపటాయింపుకు కారణం తెలియాలంటే ముందు కరెంటు అంటే ఏమిటో చూడాలి.

మిద్దె మీది ట్యాంకులో ఎన్ని లీటర్ల నీళ్లున్నాయన్నది ఒక లెక్క, కుళాయిలోంచి నిమిషానికి ఎన్ని లీటర్లు పోతున్నాయన్నది ఇంకో లెక్క. విద్యుదావేశం మొదటి లాంటిది, దాన్ని కూలుంబుల్లో కొలుస్తాం. కరెంటు రెండో లాంటిది. తీగలో ఒకచోట నిలబడి చూస్తే సెకనుకు ఒక కూలుంబు చొప్పున ఆవేశం దాటిపోతుంటే అది ఒక ఆంపియరు. అయితే మన ఇళ్ల కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి సెకను మొత్తానికి సగటు తీస్తే ఏమీ తేలదు. ఈ క్షణాన ఎంత వేగంగా దాటుతోందన్నదే చూడాలి. ఆ క్షణపు రేటునే గణితంలో అవకలజం అంటారు: i = dq/dt.

ఇప్పుడు ట్యూబ్‌లైటు పట్టీలో ఉండే బరువైన దిమ్మ సంగతి. దాన్ని చోక్ అంటాం. ఇనప రేకుల మీద వందల చుట్లు చుట్టిన రాగి తీగ, అంతే. అందులో కరెంటు పారితే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కరెంటు మారితే ఆ క్షేత్రమూ మారుతుంది, ఆ మార్పే చుట్టలో వోల్టేజీ పుట్టిస్తుంది. 1831 ఆగస్టులో లండన్‌లో మైకేల్ ఫారడే ఇనప కడియానికి రెండు తీగచుట్టలు చుట్టి ఒకదానికి బ్యాటరీ కలిపాడు. రెండో చుట్ట దగ్గరి సూది బ్యాటరీ కలిపిన క్షణంలో ఒక్కసారి ఊగింది, తీసిన క్షణంలో రెండోవైపుకు ఊగింది. మధ్యలో కరెంటు ఎంత పారుతున్నా కదలలేదు. సూదిని కదిపింది కరెంటు కాదు, కరెంటులోని మార్పు.

చోక్ విషయంలో దీన్ని v = L di/dt అని రాస్తారు. L ఆ చుట్ట స్వభావాన్ని చెప్పే అంకె, హెన్రీల్లో ఉంటుంది. 40 వాట్ల ట్యూబ్ చోక్‌కు అది దాదాపు ఒక హెన్రీ. మిగతాదంతా కరెంటు ఎంత త్వరగా మారిందన్న దాన్నిబట్టే ఉంటుంది. పుట్టిన వోల్టేజీ ఎప్పుడూ ఆ మార్పును అడ్డుకునే దిశలోనే ఉంటుంది.

స్విచ్ వేయగానే స్టార్టర్‌లోని చిన్న గాజు బుడ్డిలో వాయువు మెరుస్తుంది. ఆ వేడికి లోపలి రెండు లోహాల పట్టీ వంగి, రెండో కొసను తాకుతుంది. దారి కలిసింది కాబట్టి చోక్ గుండా, ట్యూబు కొసల్లోని ఫిలమెంట్ల గుండా సుమారు 0.6 ఆంపియర్లు పారుతుంది. కొసలు ఎర్రబడేది ఇప్పుడే. పట్టీలు కలిశాక బుడ్డిలో మెరుపు ఆగుతుంది, పట్టీ చల్లారి వెనక్కి వస్తుంది, దారి తెగుతుంది. ఆ 0.6 ఆంపియర్లు ఒక మిల్లీసెకనులో సున్నాకు పడిపోయాయనుకుందాం. అంటే సెకనుకు 600 ఆంపియర్ల చొప్పున తగ్గినట్టు. దాన్ని ఒక హెన్రీతో గుణిస్తే 600 వోల్టులు! గోడలో ఉన్నది 230 వోల్టులే అయినా, ట్యూబులోని వాయువును చీల్చి వెలిగించే దెబ్బ ఇలా పుడుతుంది.

మరి ప్రతిసారీ ఎందుకు వెలగదు? పట్టీ ఏ క్షణాన విడిపోతుందో దానికే తెలియదు. ఊగే కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాను దాటుతుంది. సరిగ్గా 0.1 ఆంపియరు ఉన్నప్పుడు తెగితే, అదే మిల్లీసెకనులో పుట్టేది 100 వోల్టులే. అది చాలదు, స్టార్టర్ మళ్లీ మొదటికొస్తుంది. పల్లెల్లో లోవోల్టేజీ రాత్రుల్లో ట్యూబు ఎంతకీ వెలగక కొట్టుకునేదీ కొంత ఇందుకే. కరెంటే తక్కువైతే తెగినప్పుడు పడిపోయేదీ తక్కువే.

వెలిగాక చోక్ పని మారుతుంది. ఊగే కరెంటు నిరంతరం మారుతూనే ఉంటుంది కాబట్టి చోక్ నిరంతరం అడ్డుపడుతూ ట్యూబులో కరెంటు హద్దు దాటకుండా చూస్తుంది. ఇదే చోక్‌ను మారని డీసీకి కలిపితే di/dt సున్నా అవుతుంది. అప్పుడు మిగిలేది రాగి తీగకున్న కొద్దిపాటి నిరోధమే.

కొసలు రెండూ ఎర్రగా వెలుగుతూ మధ్యలో చీకటిగా ఉండిపోతే, స్టార్టర్ పట్టీలు అతుక్కుపోయి ఉంటాయని ఎలక్ట్రీషియన్‌కు తెలుసు. కరెంటు పారుతోంది, కానీ తెగడం లేదు. అతను ఆ చిన్న డబ్బాను మెలితిప్పి బయటికి లాగుతాడు. దారి తెగుతుంది, ట్యూబు గబుక్కున వెలుగుతుంది. స్టార్టర్ చేతిలో ఉండగానే లైటు అలా వెలుగుతూనే ఉంటుంది.