యాప్ మేలు చేస్తుందా? గుట్టు దాస్తుందా?

కొత్త మందును పరీక్షించేటప్పుడు కొందరికి అసలు మాత్ర, మిగతావారికి అచ్చం అలాగే కనిపించే మందు లేని మాత్ర ఇస్తారు. మరి డిప్రెషన్ తగ్గించుకోవడానికి ఫోన్లో వాడే యాప్‌ను ఎలా పరీక్షించాలి?

అమెరికాలో 2024లో ఎఫ్‌డీఏ అనుమతి పొందిన ‘రిజాయిన్’ కోసం ఒక ఉత్తుత్తి యాప్‌నే తయారుచేశారు. అసలు దాంట్లో ముఖాల్లోని భావాలను గుర్తుపెట్టుకునే అభ్యాసాలు, ఆలోచనల తీరు మార్చుకునే చిన్న పాఠాలు ఉంటాయి. ఉత్తుత్తి దాంట్లో ఆ చికిత్స ఉండదు. అప్పటికే డిప్రెషన్ మందులు వాడుతున్న 386 మందిని రెండు జట్లు చేసి ఆరు వారాలు చూశారు. 60 పాయింట్ల కొలమానం మీద అసలు యాప్ జట్టుకు సుమారు 9 పాయింట్లు తగ్గింది. ఉత్తుత్తి జట్టుకూ సుమారు 7 తగ్గింది!

మందులు పనిచేయడం, రోజులు గడవడం, ఎవరో తమను పట్టించుకుంటున్నారన్న ధైర్యం రెండు జట్లకూ ఉన్నవే. కాబట్టి యాప్ సొంత గొప్ప 9 కాదు, ఆ 2 మాత్రమే. దాన్ని డాక్టర్ చీటీ మీద, మందులకు తోడుగా వాడేందుకే అనుమతించారు. ఉత్తుత్తి జట్టు ఊసే లేకుండా ‘వాడకముందు, వాడాక’ లెక్కలు మాత్రమే చూపించే ప్రకటనలను నేను నమ్మను.

మేలు చేసే యాప్ గుట్టు దాస్తుందన్న హామీ లేదు. డిప్రెషన్‌కు, పొగ మానడానికి వాడే 36 యాప్‌లను పరిశోధకులు తనిఖీ చేసి, ఫలితాలను 2019లో ప్రచురించారు. ప్రైవసీ పాలసీ చదివి ఊరుకోలేదు. ఫోన్‌కూ ఇంటర్‌నెట్‌కూ మధ్య కాపు కాసి, బయటికి పోతున్న సమాచారాన్ని పట్టి చూశారు. 29 యాప్‌లు గూగుల్‌కో ఫేస్‌బుక్‌కో సమాచారం పంపుతున్నాయి. గూగుల్‌కు పంపుతున్న 28లో ఆ సంగతి పాలసీలో చెప్పినవి 12 మాత్రమే.

పేరు, డైరీ రాతలు పోకపోయినా ప్రమాదం తప్పదు. ప్రకటనల కోసం ఫోన్‌కు ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాని పక్కన యాప్ పేరు చేరితే చాలు, ఈ ఫోన్ మనిషి డిప్రెషన్ గురించి వెతుక్కుంటున్నాడని తెలిసిపోతుంది. పైగా ఒక్క అప్‌డేట్‌తో ప్రకటనల కంపెనీ కోడ్ కొత్తగా చేరవచ్చు. నిరుడు చేసిన తనిఖీ ఇవాళ్టి యాప్‌కు వర్తించకపోవచ్చు.

ఇలాంటి యాప్‌లు కొన్ని అడిగే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో తొమ్మిదోది, చనిపోతే బాగుండన్న ఆలోచనల గురించి. మిగతా మార్కులు తక్కువున్నా ఆ ఒక్క జవాబును విడిగా చూడాలి. ఆ ఆలోచనలు ఉన్నాయన్న మనిషికి యాప్ వెంటనే సాయం దారి చూపించాలి. మన దేశంలోనైతే 24 గంటలూ ఉచితంగా పలికే, తెలుగులోనూ మాట్లాడే టెలీ మానస్ నంబర్ 14416 ఆ తెరమీదే కనిపించాలి. ఆ జవాబు మాత్రం ప్రకటనల కంపెనీకి చేరకూడదు. యాప్‌ను తనిఖీ చేసేవాళ్లు నేను చెబితే మొదట నొక్కి చూడాల్సింది ఈ ప్రశ్ననే.