మీకు తెలుసా? మందు ఒక్కరే వేసుకుంటే ఈ తెల్లబట్ట మళ్లీ వస్తుంది!

తెల్లబట్ట పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో నురగనురగగా అవుతోందా? దురద, దుర్వాసన, మూత్రానికి వెళ్తే మంట కూడా ఉన్నాయా? అయితే ట్రైకోమోనియాసిస్ అయి ఉండొచ్చు! దీన్ని తెచ్చేది వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు, ఫంగస్ కూడా కాదు. ట్రైకోమోనాస్ అనే ఏకకణ జీవి! దానికి 5 సన్నని కశాభాలు ఉంటాయి. వాటిని ఆడిస్తూ స్రావంలో ఈదేస్తుంది!

ఇది లైంగిక కలయికతోనే ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. కానీ మర్నాడే బయటపడదు! లక్షణాలు కనిపిస్తే సాధారణంగా 5 నుంచి 28 రోజుల్లోపు కనిపిస్తాయి. అసలు ఏ లక్షణమూ లేకుండా నెలల తరబడి దాక్కోనూవచ్చు!

రంగు చూసి జబ్బు తేల్చేయగలమా? లేదు! నురగ అందరిలోనూ కనిపించదు. అందుకే డాక్టరు ఓ చిన్న కాగితంతో యోని ఆమ్లత్వం చూస్తారు. పీహెచ్ 4.5 దాటితే ట్రైకోమోనాస్‌ను అనుమానిస్తారు. పెరుగు విరిగినట్టు తెల్లగా అయ్యే ఫంగస్ జబ్బులో పీహెచ్ సాధారణంగా పెరగదు! కానీ బ్యాక్టీరియా వల్ల వచ్చే మరో జబ్బులోనూ పెరుగుతుంది. కాబట్టి కాగితం ఒక్కటే చాలదు!

మరి పట్టుకునేదెలా? ఒక చుక్క స్రావాన్ని సెలైన్‌తో కలిపి స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తారు. క్రిమి గిరగిరా కదులుతూ కంటపడుతుంది! అయితే స్లైడును 10 నిమిషాల్లోపే చూడాలి. ఆలస్యమైతే కదలిక ఆగిపోతుంది. ఆగిందంటే అది తెల్ల రక్తకణమో క్రిమో పోల్చుకోవడం కష్టం! స్లైడులో కనపడనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. అనుమానం ఉంటే న్యాట్ పరీక్ష చేస్తారు. అది క్రిమి జన్యు పదార్థాన్నే పట్టేస్తుంది!

ఇప్పుడు అసలు రహస్యం! ఈ జబ్బున్న మహిళల భాగస్వాములను అమెరికాలో పరీక్షించారు. 2007లో వెలువడిన ఫలితాల్లో 100 మంది మగవాళ్లలో దాదాపు 72 మందిలో ఇదే క్రిమి దొరికింది! వాళ్లలో ఎక్కువమందికి మంటా లేదు, దురదా లేదు. ‘నాకేం లేదు’ అని మనస్ఫూర్తిగా చెప్పే మనిషిలోనే క్రిమి ఉంటోంది!

దాంతో ఏమవుతుందో చూడండి. ఒక ఇల్లాలు డాక్టరు రాసిన మాత్రలు 7 రోజులూ సక్రమంగా వేసుకుందనుకోండి. దురద పోయింది. నురగ పోయింది. భర్త మాత్రం ఏమీ వేసుకోలేదు. కొన్ని వారాలకు అదే దురద, అదే నురగ! మందు పనిచేయలేదని ఆమె అనుకుంటుంది. కానీ మందు బాగానే పనిచేసింది! భర్తలో మిగిలిన క్రిమే మళ్లీ ఆమెకు చేరింది!

ఇద్దరికీ ఒకటే మందు. కానీ మోతాదు వేరు! మెట్రోనిడజోల్‌ను మహిళలకు సాధారణంగా 500 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు, వారం పాటు ఇస్తారు. మగవాళ్లకు 2 గ్రాములు ఒకేసారి! గర్భిణులకూ వైద్యం ఉంది, డాక్టరుకు ముందే చెప్పండి. ఇంట్లో మిగిలిన మాత్రలు పంచుకోవద్దు. ఇద్దరి వైద్యం పూర్తయి, లక్షణాలు పూర్తిగా తగ్గేవరకు కలయిక వద్దు. ఈ కొద్దిరోజుల ఆగడమే మందుకు తోడు!

తగ్గిపోయాక కూడా మరో పని ఉంది! మహిళలు 3 నెలల్లోపు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. బాగున్నా సరే! ఒకసారి తగ్గితే ఇక రాదనే రక్షణ ఈ జబ్బుకు లేదు. కండోమ్ వాడితే ముప్పు తగ్గుతుంది.

చివరిగా ఒక్క మాట. ఈ క్రిమి ఏ చడీచప్పుడూ లేకుండా ఎంతోకాలం ఉండగలదు. కాబట్టి ఇవాళ బయటపడిందంటే నిన్నే ఎవరో తెచ్చారని కాదు! ‘ఎవరి వల్ల వచ్చింది?’ అని నిలదీసుకుంటూ కూర్చుంటే వైద్యమే ఆలస్యమవుతుంది. సిగ్గుపడకండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. 1097కు ఫోన్ చేసినా దారి చూపిస్తారు. వెళ్లేటప్పుడు మాత్రం ఒక్కరే వెళ్లకండి, ఇద్దరూ కలిసి వెళ్లండి!