చేతి గడియారాల పునర్విక్రయ విలువ: స్టీలు స్పోర్ట్స్ వాచీలు, ఫ్యాషన్ వాచీలు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• కొన్ని స్టీలు వాచీల ధర నిలబడటానికి, ఫ్యాషన్ వాచీల ధర పడిపోవడానికి కారణాలు వివరించగలుగుతారు.
• అమ్మకంలో వచ్చే నష్టాన్ని శాతంలోనూ రూపాయల్లోనూ లెక్కకట్టగలుగుతారు.
• వాచీ విలువలో కస్టమ్స్ రసీదుకు ఉన్న పాత్రను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఒక వస్తువును కొని, వాడి, తిరిగి అమ్మినప్పుడు చేతికి వచ్చే మొత్తమే దాని పునర్విక్రయ విలువ. శంషాబాద్ విమానాశ్రయంలో విదేశం నుంచి దిగిన ఇద్దరు ప్రయాణికులను ఊహించండి. ఒకరి చేతికి పేరున్న దుస్తుల బ్రాండు వాచీ, మరొకరి చేతికి స్విస్ స్టీలు స్పోర్ట్స్ వాచీ ఉన్నాయి. రెండింటిలోనూ స్టీలే ఉంది. స్టీలు చవకైన లోహం కాబట్టి ధరలోని తేడాకు కారణం లోహం కాదు. మరి అది ఎక్కడ నుంచి వస్తుంది?

2. ఫ్యాషన్ వాచీ ధర ఎందుకు పడుతుంది?

చాలా ఫ్యాషన్ వాచీలను ఆ బ్రాండు వారు స్వయంగా తయారుచేయరు. ఉదాహరణకు మైకేల్ కోర్స్, ఎంపోరియో అర్మానీ పేర్లతో వచ్చే వాచీలను ఫాసిల్ గ్రూప్ లైసెన్సు తీసుకొని తయారుచేస్తుంది. లోపల తిరిగే యంత్రం సాధారణంగా బ్యాటరీతో నడిచే చవకైన క్వార్ట్జ్ యంత్రం. కొనేవారు చెల్లించే ధరలో పెద్ద భాగం పేరుకు, ప్రకటనలకు, దుకాణం లాభానికి పోతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు ఆ ఖర్చులను మళ్లీ భరించరు.

అంతకంటే బలమైన కారణం డిస్కౌంటు. కొత్త వాచీయే తగ్గింపు ధరకు దొరుకుతున్నప్పుడు, పాతదానికి ఆ తగ్గింపు ధరే గరిష్ఠ పరిమితి అవుతుంది.

3. స్టీలు స్పోర్ట్స్ వాచీ ధర ఎందుకు నిలబడుతుంది?

రోలెక్స్ సబ్‌మెరైనర్ 1953లో, ఆడెమార్ పిగే రాయల్ ఓక్ 1972లో వచ్చాయి. నేటికీ వాటి రూపం పెద్దగా మారలేదు కాబట్టి పాతది పాతబడినట్లు కనిపించదు. విడిభాగాలు, మరమ్మతు దొరుకుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, గిరాకీ ఉన్న మోడళ్లను అధీకృత దుకాణాలు డిస్కౌంటుకు ఇవ్వవు. కొనుగోలుదారులు నెలల తరబడి ఎదురుచూడవలసి రావచ్చు. ఎదురుచూడలేనివారు పాతదాన్నే మంచి ధరకు కొంటారు.

అయితే ఇది అన్ని స్టీలు వాచీలకూ వర్తించదు. గిరాకీ ఉన్న మోడళ్ల ధరలు కూడా 2022 తొలి నెలల్లో శిఖరానికి చేరి, ఆ తరవాత గణనీయంగా తగ్గాయి.

4. లెక్క: ఒక ఉదాహరణ

ఈ అంకెలు ఊహాజనితమైనవి.

ఫ్యాషన్ వాచీ ముద్రిత ధర రూ. 12,000. దుకాణం 40 శాతం తగ్గిస్తే కొత్తదే రూ. 7,200కు వస్తుంది. పాతదానికి కొనుగోలుదారు అందులో సగం, అంటే రూ. 3,600 ఇస్తాడు. వ్యాపారి 20 శాతం (రూ. 720) ఉంచుకుంటే అమ్మినవారికి దక్కేది రూ. 2,880. నష్టం రూ. 9,120, అంటే 76 శాతం.

స్టీలు వాచీ ధర రూ. 9,00,000. పాతదీ అదే ధరకు అమ్ముడైతే, వ్యాపారి 12 శాతం (రూ. 1,08,000) ఉంచుకుంటాడు. అమ్మినవారికి రూ. 7,92,000 వస్తుంది. నష్టం 12 శాతమే, కాని రూపాయల్లో అది ఫ్యాషన్ వాచీ నష్టానికి దాదాపు పన్నెండు రెట్లు! అయిదేళ్లపాటు అదే సొమ్ముపై 6 శాతం సాధారణ వడ్డీ రూ. 2,70,000 వచ్చేదని కూడా గుర్తుంచుకోవాలి. కనుక విలువ నిలవడం వేరు, లాభం రావడం వేరు.

5. విమానాశ్రయం, రసీదు

2016 బ్యాగేజీ నియమాల కింద సాధారణంగా విదేశాల నుంచి తిరిగివచ్చే భారతీయ ప్రయాణికుడికి రూ. 50,000 వరకు మినహాయింపు, ఆపై విలువపై 38.5 శాతం సుంకం ఉండేవి. ఆ లెక్కన రూ. 6,00,000 వాచీపై సుంకం రూ. 2,11,750. ఇటువంటి పరిమితులు, రేట్లు మారుతుంటాయి కాబట్టి ప్రయాణానికి ముందు సరిచూసుకోవాలి.

కస్టమ్స్ చట్టం, 1962లోని 123వ సెక్షన్ వాచీలకు వర్తిస్తుంది. దొంగరవాణా సరుకని సహేతుకంగా నమ్మి అధికారులు స్వాధీనం చేసుకుంటే, అది కాదని నిరూపించే భారం వాచీ ఉన్న వ్యక్తిదే. అందుకే జాగ్రత్తగల వ్యాపారి సుంకం రసీదు లేని విదేశీ వాచీని కొనడు, లేదా బాగా తక్కువ ధర చెబుతాడు. సొంత వాచీతో విదేశానికి వెళ్లేవారు బయలుదేరేముందే కస్టమ్స్ వద్ద ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే, తిరిగివచ్చినప్పుడు సుంకం ప్రశ్న రాదు.

6. సారాంశం

పునర్విక్రయ విలువను నిర్ణయించేది లోహం కాదు. కొత్తది ఎంతకు, ఎంత సులభంగా దొరుకుతుందన్నదే. దానికి తోడు మరమ్మతు సౌకర్యం, సరైన కాగితాలు ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కొత్త వాచీపై డిస్కౌంటు పాతదాని ధరను ఎలా తగ్గిస్తుంది?
2. పై ఉదాహరణలో దుకాణం 20 శాతమే తగ్గిస్తే, అమ్మినవారికి ఎంత దక్కుతుంది?
(జవాబు: రూ. 3,840)