థీసిస్‌పై కాపీ నోటీసు వస్తే జవాబు ఎలా రాయాలి?

యూనివర్సిటీ నుంచి వచ్చే ఆ ఉత్తరం సాధారణంగా ఒక పేజీ దాటదు. మీరు సమర్పించిన థీసిస్‌లో 46 శాతం సిమిలారిటీ కనిపించిందనీ, ఇది ప్లేజియరిజం కిందికి వస్తుందనీ, మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలనీ అందులో ఉంటుంది. అది చదవగానే కొందరు హడలిపోయి ఆ రాత్రికి రాత్రే క్షమాపణ పత్రం రాసిచ్చేస్తారు. ఇంకొందరు కోపం పట్టలేక గైడ్ మీదా, డిపార్ట్‌మెంటు రాజకీయాల మీదా నాలుగు పేజీలు నింపుతారు. రెండింటివల్లా నష్టమే. మొదటిది తప్పు ఒప్పుకున్నట్టుగా ఫైల్లో చేరిపోతుంది. రెండోదాంట్లో అడిగిన ప్రశ్నకు జవాబే ఉండదు.

నిదానంగా, ఆధారాలతో రాసిన ఒకటిన్నర పేజీల జవాబు మాత్రం విద్యార్థి భవిష్యత్తును మార్చగలదు. ఎందుకో తెలియాలంటే ముందు నిబంధనలు ఏమంటున్నాయో చూడాలి.

నిబంధనలు ఇచ్చిన హక్కు

మన దేశంలో పీజీ, పరిశోధన స్థాయిల్లో ప్లేజియరిజం వ్యవహారాలకు ఆధారం యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు. ఇవి థీసిస్‌లకూ, డిసర్టేషన్‌లకూ, పరిశోధన పత్రాలకూ వర్తిస్తాయి. అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, జవాబు పత్రాలు వీటి పరిధిలోకి రావు. వాటికి ఆయా కాలేజీల సొంత నియమాలే ఉంటాయి.

ఈ నిబంధనలు పోలికను నాలుగు అంచెలుగా విడగొట్టాయి. 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే, ఆరు నెలలకు మించని గడువులో థీసిస్‌ను సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే, సవరించిన ప్రతిని ఏడాదిపాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

అయితే ఈ శాతం లెక్కకట్టే ముందు కొన్నింటిని తీసేయాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. మూలం పేర్కొంటూ ఉటంకించిన భాగాలు, రిఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాల పేర్లు, ప్రామాణిక సమీకరణాలు, అందరూ వాడే పారిభాషిక పదాలు లెక్కలోకి రావు. వరుసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసినా పట్టించుకోకూడదు. అంటే సాఫ్ట్‌వేర్ తెర మీద మొదట కనిపించే అంకె, శిక్షకు ఆధారమయ్యే అంకె ఒకటి కాకపోవచ్చు.

విచారణ రెండు మెట్లలో జరగాలి. మొదట డిపార్ట్‌మెంటు స్థాయి కమిటీ, తర్వాత సంస్థ స్థాయి కమిటీ. డిపార్ట్‌మెంటు కమిటీకి హెచ్‌ఓడీ అధ్యక్షత వహిస్తారు. వేరే డిపార్ట్‌మెంటుకు చెందిన ఒక సీనియర్ అధ్యాపకుడు, ఈ సాఫ్ట్‌వేర్లు బాగా తెలిసిన మరొకరు సభ్యులు. ఒక్కో కమిటీకి 45 రోజుల గడువు ఉంది. రెండూ సహజ న్యాయ సూత్రాలు పాటించాలి. తప్పు నిస్సందేహంగా రుజువై, విద్యార్థికి తన వాదన చెప్పుకునే తగినంత అవకాశం ఇచ్చాకే శిక్ష వేయాలని నిబంధనల్లో ఉంది. కాబట్టి విచారణ కోరడం ఎవరి దయనో అర్థించడం కాదు.

ఈ సూత్రం యూజీసీ కంటే పాతది. ఉత్తరప్రదేశ్‌లో 1954 ఇంటర్మీడియట్ పరీక్షల్లో కాపీ కొట్టారంటూ ముగ్గురు విద్యార్థుల ఫలితాలను, వాళ్ల మాట వినకుండానే బోర్డు రద్దు చేసింది. ఘనశ్యామ్ దాస్ గుప్తా కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో 1962లో సుప్రీంకోర్టు, విద్యార్థి జీవితాన్ని దెబ్బతీసే ఇలాంటి నిర్ణయానికి ముందు అతని వాదన వినాల్సిందేనని తేల్చింది.

ముందు రిపోర్టు చదవాలి

జవాబుకు కూర్చునే ముందు చేయాల్సిన పని పూర్తి సిమిలారిటీ రిపోర్టు సంపాదించడం. శాతం ఉన్న మొదటి పేజీ ఒక్కటే సరిపోదు. ఏ వాక్యం ఎక్కడి దానితో కలిసిందో రంగుల్లో చూపే మొత్తం ప్రతి కావాలి. టర్నిటిన్, డ్రిల్‌బిట్ లాంటి సాఫ్ట్‌వేర్లు చూపేది పోలికను మాత్రమే. అది కాపీయా కాదా అన్నది మనిషి చదివి తేల్చాల్సిన సంగతి.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థిని థీసిస్‌కు 46 శాతం వచ్చింది. రిపోర్టును మూలాలవారీగా విడదీస్తే 11 శాతం రిఫరెన్సుల జాబితాలోనిదే. 17 శాతం ఆమె స్వయంగా జర్నల్స్‌లో ప్రచురించిన రెండు పత్రాలతో కలిసింది. ఆ పత్రాలను థీసిస్‌లో పేర్కొంది కూడా. 6 శాతం రసాయనాల పేర్లు, పరికరాల పేర్లు, చిన్నచిన్న పదబంధాలు. ఇవి పోగా మిగిలిన 12 శాతంలో 9 శాతం రెండో అధ్యాయంలోని సాహిత్య సమీక్షది. అక్కడ ఒక సమీక్షా వ్యాసంలోని పేరాలు దాదాపు ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. పేరా చివర రచయిత పేరు, సంవత్సరం ఉన్నాయి కానీ కొటేషన్ గుర్తులు లేవు.

ఇప్పుడు అసలు తగవు ఎక్కడుందో తేటపడింది. ఆమె పూర్తిగా నిర్దోషినని అనలేదు. కానీ 46 శాతం అంటే ఏడాది నిషేధం. 12 శాతం అంటే సవరణ. జవాబు మోయాల్సిన బరువంతా ఈ తేడా మీదే ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 46లోంచి 34 తీసేస్తే 12 అని సొంతంగా తేల్చేయకూడదు. ఒకే వాక్యం రెండు మూడు మూలాల్లో ఉంటే సాఫ్ట్‌వేర్ సాధారణంగా దాన్ని ఒక మూలం ఖాతాలోనే చూపుతుంది. ఆ మూలాన్ని మినహాయించగానే అదే వాక్యం మరో మూలం కింద తేలవచ్చు. రిఫరెన్సుల జాబితా తీసేస్తే మొత్తం పదాల సంఖ్య తగ్గి శాతమూ మారుతుంది. అందుకే నిబంధనల ప్రకారం మినహాయింపులు పెట్టి మళ్లీ పరీక్షించమని అడగాలి. అలా పరీక్షించేటప్పుడు ఇంతకుముందు అప్‌లోడ్ చేసిన డ్రాఫ్టును కూడా మినహాయించమనాలి. అది సాఫ్ట్‌వేర్ భాండాగారంలో నిల్వ అయి ఉంటే, మీ థీసిస్ మీ డ్రాఫ్టుతోనే కలిసి శాతం ఆకాశానికి ఎక్కుతుంది.

సొంత పత్రాల విషయంలోనూ మెలకువ కావాలి. ముందు ప్రచురించిన తన రచనను పేర్కొనకుండా మళ్లీ వాడుకోవడాన్ని యూజీసీ ఒప్పుకోదు. పేర్కొన్నప్పుడు మాత్రం చాలా యూనివర్సిటీలు గైడ్ సర్టిఫికెట్ తీసుకుని ఆ భాగాన్ని మినహాయిస్తాయి. ఆ సర్టిఫికెట్‌ను జవాబుతోపాటే జతచేయాలి.

జవాబు ఇలా ఉండవచ్చు

యూనివర్సిటీతో ఉత్తర ప్రత్యుత్తరాలు ఎక్కువగా ఇంగ్లిషులోనే నడుస్తాయి. ఏ భాషలో రాసినా వరుస ఇదే.

"గౌరవనీయులైన హెచ్‌ఓడీ గారికి,

నా థీసిస్‌పై ఫలానా తేదీన మీరు పంపిన నోటీసు అందింది. ఆరోపణ తీవ్రత నాకు తెలుసు. నాకు అందిన రిపోర్టును పూర్తిగా పరిశీలించి ఈ జవాబు సమర్పిస్తున్నాను.

రిపోర్టులోని 46 శాతంలో రిఫరెన్సుల జాబితా, నేను ప్రచురించిన రెండు పత్రాలు, ప్రామాణిక పదాలు కలిసి ఉన్నాయి. పేజీలవారీ వివరాలు అనుబంధం 1లో ఉన్నాయి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం మినహాయించాల్సినవి మినహాయించి, నా పాత డ్రాఫ్టును కూడా తప్పించి, మళ్లీ పరీక్ష జరిపించాలనీ, ఆ రిపోర్టు ప్రతిని నాకు ఇప్పించాలనీ కోరుతున్నాను.

రెండో అధ్యాయంలో 31 నుంచి 38 పేజీల్లోని కొన్ని పేరాలు ఒక సమీక్షా వ్యాసంలోని వాక్యాలకు చాలా దగ్గరగా ఉన్నమాట నిజం. ఆ వ్యాసాన్ని ప్రతి పేరా చివరా పేర్కొన్నాను కానీ కొటేషన్ గుర్తులు పెట్టలేదు. ఆ భాగాన్ని తిరగరాసి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. నాలుగు, ఐదు అధ్యాయాల్లోని ప్రయోగాలు, ఫలితాలు నా సొంతం. ల్యాబ్ నోట్‌బుక్కులు, తేదీలతో ఉన్న డ్రాఫ్టులు, గైడ్ గారికి పంపిన ఈమెయిళ్లు చూపగలను.

నిర్ణయం తీసుకునే ముందు కమిటీ ఎదుట స్వయంగా హాజరై వివరించే అవకాశం ఇవ్వాలని మనవి. విచారణ తేదీని, కమిటీ ముందున్న పత్రాల ప్రతులను కనీసం పది రోజుల ముందు అందజేయగలరు.

భవదీయురాలు"

ఈ ఉత్తరంలో ఒప్పుకోలు ఉంది, కానీ అది పేజీ నంబర్ల మేరకే. "తెలియక జరిగింది, క్షమించండి" అన్న వాక్యం థీసిస్ మొత్తానికి అంటుకుంటుంది. "31 నుంచి 38 పేజీల్లో కొటేషన్ గుర్తులు లేవు" అన్న వాక్యం అక్కడితో ఆగుతుంది. పైగా ఉన్న లోపాన్ని తనంతట తాను చూపిన మనిషి మిగతా విషయాల్లో చెప్పేదాన్ని కమిటీ నమ్మడానికి ఆస్కారం పెరుగుతుంది.

ఎవరి మీదా నింద లేదన్నదీ గమనించాలి. ఒకవేళ ఫిర్యాదు చేసినవారే కమిటీలో ఉంటే దాన్ని నిందగా కాక విన్నపంగా రాయాలి. "ఫిర్యాదుదారు కమిటీలో సభ్యులుగా ఉన్నందున వారి స్థానంలో మరొకరిని నియమించగలరు" అంటే చాలు. రెండు కమిటీలకూ ఒకరే అధ్యక్షులుగా ఉండకూడదన్న నియమమూ ఉంది.

పంపాక చేయాల్సినవి

ఏడు రోజులు చాలకపోతే గడువు ముగిసేలోపే ఒక చిన్న ఉత్తరం రాసి సమయం అడగాలి. మౌనంగా ఉంటే జవాబు లేదనే రికార్డు అవుతుంది. జవాబును ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోవాలి. అదే రోజు ఈమెయిల్‌లోనూ పంపాలి. నోటీసు అందాక పాత ఫైళ్లను తెరిచి సేవ్ చేయడం, పేర్లు మార్చడం మానుకోవాలి. సవరణ తేదీలు మారిపోతే మీ సాక్ష్యం మీకే పనికిరాకుండా పోతుంది. వాటిని వేరే డిస్కులోకి కాపీ చేసి అలాగే ఉంచాలి.

విచారణలో కమిటీ చూసేది కాగితాలనే కాదు. ఒక పేజీ తీసి, ఈ పద్ధతి ఎందుకు ఎంచుకున్నారు, ఈ పట్టికలోని విలువ ఎలా వచ్చింది అని అడగవచ్చు. పని తానే చేసిన విద్యార్థి విఫలమైన ప్రయోగాల గురించి కూడా చెప్పగలదు. కాపీ కొట్టినవారు చాలాసార్లు తడబడేది అక్కడే. అందుకే నిజంగా పని చేసినవారికి విచారణ భయపడాల్సినది కాదు, పట్టుబట్టి అడగాల్సినది.

రెండో కమిటీ నివేదిక ప్రతిని విద్యార్థికి ఇవ్వాలని నిబంధనలు చెబుతున్నాయి. అది రాతపూర్వకంగా తీసుకోండి. దానితో ఏకీభవించకపోతే యూనివర్సిటీలోని అప్పీలు మార్గం, ఆ తర్వాత హైకోర్టు ఉన్నాయి. అక్కడ మొదట చూసేది మీరు ఏ తేదీన ఏం అడిగారు, దానికి ఏం జవాబు వచ్చింది అన్నదే. కనుక నోటీసు వచ్చిన రోజు క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టకండి. రిపోర్టు అడగండి, పూర్తిగా చదవండి, ఉన్నది ఉన్నట్టు రాసి విచారణ కోరండి.