బ్యాటరీ బాగుందంటే ఎంత బాగున్నట్టు?

పదివేల రూపాయల చుట్టుపక్కల ఫోన్ కొనాలనుకునేవాళ్లు కంపెనీ ప్రకటన కన్నా తమలాంటివాళ్లు రాసిన రివ్యూనే ఎక్కువ నమ్ముతారు. తీరా తెరిచి చూస్తే చాలావాటిలో ‘సూపర్ ఫోన్, బ్యాటరీ బాగుంది, కెమెరా ఓకే’ అని మాత్రమే ఉంటుంది. డెలివరీ రెండు రోజులు ఆలస్యమైందన్న కోపంతో ఒక్క స్టార్ ఇచ్చి పోయినవాళ్లూ ఉంటారు. ఫోన్‌ని ఎవరు వాడారో, ఎక్కడ వాడారో, ఎంతసేపు వాడారో ఉండదు. అది లేనప్పుడు ఐదు స్టార్లిచ్చినా కొనబోయేవాళ్లకి ఒరిగేదేమీ లేదు.

మా అక్క కూతురు హనుమకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఈ మధ్యే 10,999 రూపాయలకి తన మొదటి సొంత ఫోన్ కొనుక్కుంది. 4 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, వెనక 50 మెగాపిక్సెల్ కెమెరా. పెట్టె విప్పిన సాయంత్రమే రివ్యూ రాసి నాకు పంపింది. ‘ఒక వారం ఆగవే’ అన్నాను. ‘వారంలో ఏం మారుతుంది మామయ్యా?’ అంది.

బ్యాటరీ విషయంలో చాలా మారుతుంది. కొత్త ఫోన్ మొదటి రెండుమూడు రోజులూ లోపల తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. యాప్‌లు దిగుతుంటాయి, పాత ఫొటోలు వచ్చి చేరుతుంటాయి, సిస్టమ్ అప్‌డేట్ వస్తుంది. మనం ఏ యాప్ ఎప్పుడు తెరుస్తామో చూసుకుని, వాడని వాటిని అదుపులో పెట్టడం ఆండ్రాయిడ్‌కి నెమ్మదిగా అలవాటవుతుంది. అందుకే మొదటి రోజు ఛార్జింగ్ తొందరగా దిగిపోయినా కంగారు పడక్కర్లేదు. ఆ రోజు లెక్క చూసి తిట్టినా, పొగిడినా అది ఫోన్ అసలు తీరు కాదు. అయితే స్క్రీన్ మీద గీతలు, స్పీకర్లో బరబర, ఛార్జింగ్ పెడితే చెయ్యి పెట్టలేనంత వేడి లాంటివి మాత్రం వెంటనే చూసుకోవాలి. మార్చి ఇచ్చే గడువు చాలాచోట్ల వారమే.

వారం తర్వాత మా అమ్మాయి ఒక రెండు రోజులు లెక్క రాసుకుంది. పొద్దున ఏడింటికి నూరు శాతం నింపి, రాత్రి పదకొండింటికి ఎంత మిగిలిందో చూసింది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం దగ్గర స్క్రీన్ ఎన్ని గంటలు వెలిగిందో కూడా ఉంటుంది, దాన్నీ పక్కనే రాసుకుంది. హాస్టల్లో వైఫై మీద ఉన్న రోజు ఐదు గంటలు స్క్రీన్ వాడితే 45 శాతం మిగిలింది. బస్సులో ఊరికి వెళ్లిన రోజు నాలుగు గంటలే వాడినా 30 శాతానికి పడిపోయింది. ఫోన్ అదే, బ్యాటరీ అదే. దారిలో టవర్ దూరమయ్యే కొద్దీ ఫోన్ సిగ్నల్‌ని పట్టుకోవడానికి ఎక్కువ శక్తి ఖర్చు పెడుతుంది. కిటికీ పక్క ఎండకి స్క్రీన్ వెలుగు కూడా బాగా పెంచాల్సి వచ్చింది. ఈ రెండు రోజుల లెక్కా రాస్తే, రోజూ బస్సులో తిరిగేవాళ్లు ఒకటి చూసుకుంటారు, ఇంటిపట్టున ఉండేవాళ్లు రెండోది చూసుకుంటారు. ‘బ్యాటరీ బాగుంది’ అని వదిలేస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

ఛార్జింగ్ దగ్గర ఇంకో మెలిక ఉంది. ఆ ఫోన్ 18 వాట్ల వేగం తట్టుకోగలదు, కానీ పెట్టెలో ఇచ్చింది 10 వాట్ల ఛార్జర్. దాంతో 10 శాతం నుంచి 80కి రావడానికి గంటా ముప్పావు పట్టింది. మిగతా 20 శాతానికి ఇంకో ముప్పావు గంట పైనే పట్టింది. చివర్లో నెమ్మదించడం లోపం కాదు. లిథియం అయాన్ బ్యాటరీ నిండేకొద్దీ, దాన్ని కాపాడటానికి ఫోనే కరెంటు తగ్గిస్తుంది. రివ్యూలో ఏ ఛార్జర్‌తో, ఎంత నుంచి ఎంతకి అని రాయకపోతే ఆ నిమిషాలకి అర్థం లేదు.

కెమెరా దగ్గర అందరూ మెగాపిక్సెల్ అంకె చూసే మోసపోతారు. 50 మెగాపిక్సెల్ సెన్సర్ మామూలుగా నాలుగేసి పిక్సెల్స్‌ని ఒకటిగా కలిపి, పన్నెండున్నర మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తుంది. వెనక మూడు గుండ్రాలు కనిపిస్తే మూడు కెమెరాలనుకుంటాం. మామూలు ఫొటో మోడ్ పెట్టి ఒక్కో గుండ్రాన్నీ వేలితో మూసి చూడమన్నాను. ఒక్కదాన్ని మూసినప్పుడే తెర చీకటైంది. మిగతా రెండూ మూసినా ఫొటోలో తేడా ఏమీ లేదు. తన రివ్యూలో ఆ సంగతి ఒక్క వాక్యంలో రాసింది. నాకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం అదే.

తర్వాత తనకి రోజూ అవసరమయ్యేవే తీసి చూసింది. పొద్దుటి వెలుతురులో స్నేహితుల ఫొటో, గదిలో ట్యూబ్‌లైటు కింద నోట్సు పేజీ, రాత్రి వీధి దీపం కింద ఆడుకుంటున్న చిన్నపిల్లాడు. పగటి ఫొటో పెద్దది చేసి చూసినా వెనక దుకాణం బోర్డు మీద అక్షరాలు చదవగలిగాం. నోట్సు పేజీలో పెన్సిల్ రాత మసకగా వచ్చింది, పెన్ను రాత బాగానే ఉంది. రాత్రి ఫొటోలో గోడ, గేటు స్పష్టంగా పడ్డాయి, పిల్లాడి చేతులు మాత్రం అలుక్కుపోయాయి. వెలుతురు తక్కువైనప్పుడు కెమెరా ఎక్కువసేపు వెలుగు పోగుచేసుకుంటుంది. ఆ లోపు కదిలినదల్లా చెదిరిపోతుంది. సెల్ఫీలో తన రంగు తేలిపోయి ఉంటే బ్యూటీ మోడ్ ముందే ఆన్ చేసి ఉందని తెలిసింది. అది ఆపాకే ముఖం తనదిలా కనిపించింది. ఈ ఫొటోలన్నీ గ్యాలరీలోనే చూడాలి. వాట్సాప్‌లో పంపినవి సన్నబడి వస్తాయి గనక వాటిని చూసి కెమెరాని అంచనా వెయ్యకూడదు.

ఇక డబ్బు సంగతి. ప్రకటనలో ఉన్నది 9,999. అది ఒక బ్యాంకు కార్డు ఉన్నవాళ్లకే. ఆ కార్డు లేదు కాబట్టి తను కట్టింది 10,999. పౌచ్, స్క్రీన్ గ్లాసు ఇంకో మూడు వందలు. వేగంగా ఎక్కే ఛార్జర్ కావాలంటే అదీ వేరే కొనాలి. కొన్న నెల, కట్టిన మొత్తం రాస్తేనే ధరకి తగ్గ ఫోనా కాదా అన్నది తేలుతుంది, ఎందుకంటే ఈ ధరలు పండగ పండక్కీ మారిపోతాయి. 128 జీబీలో కొంత సిస్టమ్‌కి, ముందే వేసి ఇచ్చిన యాప్‌లకి పోతుంది. అది పోను తనకి ఎంత మిగిలిందో సెట్టింగ్స్‌లో చూసి రాసింది.

మొదటిసారి కొన్నవాళ్లకి పోల్చి చూడటానికి ఇంకో ఫోన్ ఉండదు. అది దాచక్కర్లేదు. ‘ఇది నా మొదటి ఫోన్, ఇంతకు ముందు అమ్మ పాత ఫోన్ వాడేదాన్ని’ అని మొదటి వాక్యంగా పెట్టించాను. చదివేవాళ్లు దానికి తగ్గట్టే అర్థం చేసుకుంటారు. అలాగే ఫైవ్ స్టార్ ఇస్తే డబ్బు వెనక్కి ఇస్తామన్న చీటీ పెట్టెలో ఉంటే, అది తీసుకుని రాసింది నిజాయితీ రివ్యూ కాదు. ఆన్‌లైన్ రివ్యూలకి భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది కూడా ఇలాంటి దొంగ రివ్యూల బెడద వల్లే.

నెల గడిచాక తను కింద ఇంకో నాలుగు వాక్యాలు చేర్చింది: ‘బ్యాటరీ మొదటి వారంలాగే ఉంది. అప్‌డేట్ తర్వాత లాక్ స్క్రీన్ మీద ప్రకటనలు మొదలయ్యాయి, సెట్టింగ్స్‌లో ఆపితే ఆగాయి. వీడియో కాల్ మాట్లాడుతూ నోట్సు తెరిస్తే కాస్త ఆగి కదులుతోంది. క్లాసులకి, ఫోన్లకి, పగటి ఫొటోలకి ఈ ధరలో చాలు, రాత్రి ఫొటోల కోసమైతే వద్దు.’