తొండ దండీలు తీసేది ఎవరి కోసం?

ప్రహరీ గోడెక్కిన తొండ తల ఎగరేస్తూ, ముందుకాళ్ల మీద లేచి పడుతుంటే తమనే వెక్కిరిస్తోందని పిల్లలు రాళ్లు విసురుతారు. పాపం, దానికి వాళ్ల ధ్యాసే ఉండదు. ఆ దండీలు చాలావరకు ఆ చుట్టుపక్కలున్న ఇంకో మగ తొండ కోసం: "ఈ చోటు నాది, దగ్గరికి రాకు" అని. కలబడితే గెలిచినవాడికీ గాయాలు తప్పవు. అందుకే ముందు దూరం నుంచే బలాబలాలు తేల్చుకుంటాయి.

మరి బలం లేనిది కూడా బలమున్నట్టు నటించవచ్చు కదా? అంత తేలిక కాదు. దండీలు తీస్తే ఒంట్లో సత్తువ ఖర్చవుతుంది. 2003లో అమెరికాలో ఒకరకం చిన్న బల్లుల మీద జరిపిన ప్రయోగంలో, ఈ ప్రదర్శన చేశాక వాటి పరుగు ఓపిక తగ్గిందని తేలింది. ఎక్కువసేపు చేయగలిగినవి సహజంగా దమ్మున్నవే. ఎదుటివాడు అది చూసి తగ్గాలో, తలపడాలో నిర్ణయించుకోవచ్చు.

చూస్తే సరే, చూడకపోతే? ఈ చిక్కుని బాగా విప్పిచూపింది మన తొండల కుటుంబానికే చెందిన ఆస్ట్రేలియా జాకీ డ్రాగన్. ఆగ్నేయ ఆస్ట్రేలియా పొదల్లో, మోడుల మీద కనిపిస్తుంది. ప్రత్యర్థి ఎదురైతే ఇది ఏకాఎకిన దండీలకు దిగదు. మొదట కొన్ని సెకన్లపాటు తోక విదిలిస్తుంది. తరవాత ముందుకాలిని వెనక్కి ఓసారి, ముందుకి ఓసారి తిప్పుతుంది. ఆ వెంటనే ఒళ్లు ఊపుతూ ఓ దండీ. కాలు తిప్పడం, దండీ రెండూ కలిసి రెప్పపాటులో అయిపోతాయి. ఎదుటివాడు అటు తిరిగి ఉంటే అంతే సంగతులు. అందుకే ముందుగా ఆ తోక విదిలింపు. నాటకానికి ముందు గంట కొట్టినట్టన్నమాట.

అయితే ఆ పొదల్లో కదిలేది తోకొక్కటే కాదు. గాలి వీస్తే ఆకులు, గడ్డి, కొమ్మలు అన్నీ ఊగుతాయి. ఆ ఊపులో తోక కదలిక కలిసిపోతుంది. రిచర్డ్ పీటర్స్, ఆయన సహచరులు 2007లో ప్రచురించిన పరిశోధనలో, గాలి ఎక్కువైనప్పుడు జాకీ డ్రాగన్లు ఏం చేస్తాయో గమనించారు. తోకని ఇంకా గట్టిగా, వేగంగా ఊపుతాయనుకుంటాం. అవి చేసింది వేరు: తోక విదిలింపుని ఎక్కువసేపు సాగదీశాయి, అదీ ఏకబిగిన కాకుండా ఆగి ఆగి. ఆకుల ఊపు మధ్య అలా ఆగి మళ్లీ మొదలయ్యే కదలిక ఎదుటివాడి కంటబడే అవకాశం ఎక్కువ.

మరుసటి ఏడు పీటర్స్ చూసేవాడి వైపు నుంచి పరీక్షించారు. చుట్టూ మొక్కలు ఎక్కువగా ఊగుతున్నప్పుడు తోక విదిలింపుని పసిగట్టడానికి జాకీ డ్రాగన్లకు నిజంగానే ఎక్కువ సమయం పట్టింది.